మొత్తం ఎంత? లబ్ధం ఎంత?

పదిని రెండు ముక్కలు చేయండి. ఆ రెండింటినీ గుణిస్తే 21 రావాలి. ఏడు, మూడు అని ఎవరైనా చెప్పేస్తారు. 24 కావాలంటే ఆరు, నాలుగు. 25 కావాలంటే ఐదు, ఐదు. అక్కడితో సరి. పదిని ఎలా విరిచినా లబ్ధం 25 దాటదు. మరి 40 కావాలని ఎవరైనా పట్టుబడితే?

1545లో జెరోలమో కార్డానో అనే ఇటలీ వైద్యుడు సరిగ్గా ఈ పట్టే పట్టాడు. వైద్యంతో పాటు గణితమూ, జూదమూ ఆయనకు ఇష్టమైన వ్యాపకాలు. ‘ఆర్స్ మాగ్నా’ అనే తన గణిత గ్రంథంలో ఈ లెక్క వేసుకుని, మామూలు పద్ధతిలోనే చేసుకుంటూ పోతే ఆయనకు దొరికిన రెండు ముక్కలు ఇవి: 5 + √−15, 5 − √−15. రుణసంఖ్యకు వర్గమూలం ఏమిటన్న ప్రశ్నను ఆయన కాసేపు పక్కన పెట్టి, జవాబును సరిచూశాడు. రెండింటినీ కూడితే √−15లు ఒకదానికొకటి పోయి 10 మిగిలింది. గుణిస్తే 25 − (−15), అంటే 40 వచ్చింది. అడిగినవి రెండే షరతులు, రెండూ నెరవేరాయి. ఈ సంఖ్యలు ఏమిటో, ఎందుకు పనికొస్తాయో ఆయనకే అంతుపట్టలేదు. పనికిరాని సూక్ష్మాలుగానే వాటిని వదిలేశాడు. కానీ జవాబు సరైనదని మాత్రం ఎవరూ కాదనలేని విధంగా తేల్చాడు.

ఇప్పుడు ఇంటర్ పిల్లలు ఈ సంఖ్యలనే సంకీర్ణ సంఖ్యలు అంటూ చదువుతున్నారు. √−1కి i అని పేరు పెట్టుకున్నాం కాబట్టి కార్డానో ముక్కలు 5 ± i√15 అవుతాయి. నాకు ఈ కథలో నచ్చేది సంకీర్ణ సంఖ్యలు పుట్టిన తీరు ఒక్కటే కాదు, ఆయన సరిచూసిన తీరు కూడా. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా పిల్లలు ఇప్పటికీ ‘బిట్లు’ అని పిలిచే ప్రశ్నల్లో, నాలుగు ఆప్షన్లలోంచి మూడింటిని కొట్టేయడానికి ఇంతకంటే పదునైన పనిముట్టు లేదు.

మన వైపు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. కార్డానోకు ఏడు వందల ఏళ్ల ముందే, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో ఈ చిక్కును గుర్తించాడు. రుణసంఖ్య దేనికీ వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం ఉండదని ఆయన తేల్చేశాడు. ఆ గ్రంథాన్నే తర్వాతి కాలంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే ఈ తలుపు మూసి ఉందన్న సంగతి మనకు ముందే తెలుసు. కార్డానో చేసిందల్లా తలుపు తీయకుండా సందులోంచి చేయి పెట్టి తాళం సరిపోయిందో లేదో చూడటం.

విషయంలోకి వస్తే, వర్గసమీకరణం మూలాలు α, β అనుకుందాం. ఆ సమీకరణాన్ని (x − α)(x − β) = 0 అని రాయొచ్చు. విప్పితే x² − (α + β)x + αβ = 0. కాబట్టి x² గుణకం 1 అయితే, x ముందున్న సంఖ్య గుర్తు మార్చి చదివితే మూలాల మొత్తం, చివరి సంఖ్యను ఉన్నదున్నట్టు చదివితే మూలాల లబ్ధం. x² ముందు వేరే సంఖ్య a ఉంటే ముందుగా అన్నింటినీ దానితో భాగించుకోవాలి. ఇంతే సూత్రం. ఫ్రాన్స్‌కు చెందిన వియెత్ పేరు మీద ఇది చలామణిలో ఉంది గానీ, ఆయన ధన మూలాలనే లెక్కలోకి తీసుకున్నాడు. రుణ మూలాలను, ఊహాజనితమైనవిగా భావించిన వాటిని కూడా కలుపుకుని చెప్పింది 1629లో ఆల్బర్ట్ జిరార్.

దీన్ని తిరగేసి చూసినప్పుడే పరీక్షకు పనికొస్తుంది. ఫలానా మొత్తం, ఫలానా లబ్ధం ఉన్న జంట ఒక్కటే ఉంటుంది, ఎందుకంటే ఆ రెండూ తెలిస్తే సమీకరణమే తెలిసిపోయినట్టు. అందుకని ఆప్షన్‌లోని జంటకు మొత్తం తప్పితే అది కచ్చితంగా తప్పు. లబ్ధం తప్పినా కచ్చితంగా తప్పు. రెండూ కలిస్తే కచ్చితంగా ఒప్పు, ఇందులో ఊహ ఏమీ లేదు. కానీ ఒక్కటే కలిస్తే అది ఇంకా రేసులో ఉందని మాత్రమే అర్థం. పిల్లలు జారిపడేది ఇక్కడే. మొత్తం కలవగానే పెన్ను ఆప్షన్ మీదికి పోతుంది.

చిన్న బిట్‌తో మొదలుపెడదాం. p, q వాస్తవ సంఖ్యలు; x² + px + q = 0కి 2 + i√3 ఒక మూలం; అయితే (p, q) ఎంత? ఆప్షన్లు (4, 7), (−4, 1), (−4, 7), (4, −7). గుణకాలు వాస్తవ సంఖ్యలు కాబట్టి రెండో మూలం మొదటి దాని సంయుగ్మమే, అంటే 2 − i√3. కూడితే 4, కాబట్టి p = −4. ఒకటో ఆప్షను, నాలుగో ఆప్షను పోయాయి. గుణిస్తే 4 + 3 = 7. మిగిలింది మూడోది. రెండోదాంట్లో ఆ 1 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. i²ను మరిచిపోయి 4 − 3 చేసినవాడి కోసం అక్కడ పెట్టిన గాలం అది. నాలుగు ఆప్షన్లలో కనీసం రెండు ఇలా మన తప్పులను ముందే ఊహించి రాసినవే ఉంటాయి.

ఇక్కడ ఒక సంగతి గమనిస్తే తర్వాత చాలా పని తేలికవుతుంది. సంయుగ్మ జంటలో మొత్తం వాస్తవ భాగాన్ని మాత్రమే చూస్తుంది, అది దానికి రెట్టింపు. లబ్ధం ఆ సంఖ్య మూల బిందువు నుంచి ఎంత దూరంలో ఉందో చూస్తుంది, అది ఆ దూరానికి వర్గం. ఉదాహరణకు x² − 4x + 13 = 0 కనిపించగానే వాస్తవ భాగం 2, దూరం √13 అని నోటితో చెప్పొచ్చు. ఆప్షన్లలో 3 ± 2i ఉంటే దూరం సరిపోయింది, వాస్తవ భాగం సరిపోలేదు. 2 ± 3i అయితే రెండూ సరిపోయాయి.

సంయుగ్మం అనే మాట ఎంత ఉపయోగమో అంత ప్రమాదం కూడా. మొన్న మా మేనల్లుడు బిట్ పేపర్ ముందేసుకుని కూర్చున్నాడు. పది నిమిషాల తర్వాత చూస్తే రఫ్ పేపర్ ఒక వైపు నిండిపోయి, రెండో వైపు సగం దాకా వచ్చింది. బిట్ ఇది: x² − (5 − i)x + (8 − i) = 0 మూలాలు ఏవి? ఆప్షన్లు: ఒకటి, 2 + i, 2 − i, రెండు, 4 − 2i, 1 + i, మూడు, 3 − 2i, 2 + i, నాలుగు, 3 + i, 2 − 2i.

వాడు సూత్రంతో మొదలుపెట్టాడు. విచక్షణి (5 − i)² − 4(8 − i) వేసి −8 − 6i తెచ్చాడు. అది సరిగ్గానే ఉంది. ఇప్పుడు −8 − 6iకి వర్గమూలం కావాలి. దానికి (a + ib)² అనుకుని, a² − b² = −8, 2ab = −6 అని రెండు సమీకరణాలు రాసుకుని, మధ్యలో ఎక్కడో గుర్తు జారవిడుచుకున్నాడు. వర్గమూలం 1 + 3i అని వచ్చింది. అసలైతే 1 − 3i రావాలి.

“ఒరేయ్, ఆప్షన్ల వైపు ఒక్కసారన్నా చూశావా?” అన్నాను.

“చూశా మామయ్యా. మూలాలు సంయుగ్మాలే కావాలి కదా, ఒకటో ఆప్షనే అనుకున్నా. కానీ నాకు వచ్చిన దాంతో కలవట్లేదు.”

కలవకపోవడమే మంచిదైంది. సంకీర్ణ మూలాలు సంయుగ్మ జంటగా వస్తాయన్న నియమానికి, గుణకాలన్నీ వాస్తవ సంఖ్యలై ఉండాలన్న షరతు ఉంది. ఈ సమీకరణంలో గుణకాల్లోనే i కూర్చుని ఉంది. సంయుగ్మాలు రెండూ కూడితే i పోవాలి, కానీ ఇక్కడ కావలసిన మొత్తం 5 − i. కాబట్టి ఒకటో ఆప్షన్‌ను లెక్క వేయకుండానే కొట్టేయొచ్చు. పేపర్ తయారుచేసేవాళ్లు దాన్ని మొదట పెట్టడం కాకతాళీయం అనుకోను.

మిగిలిన మూడింటినీ కూడించాను. రెండోది 5 − i, మూడోది 5 − i, నాలుగోది కూడా 5 − i. వాడి ముఖం చిన్నబోయింది. మొత్తంతో పని అయిపోతుందని ఎదురుచూసిన వాళ్లందరికీ ఇదే అనుభవం. పేపర్ రాసేవాళ్లకూ ఈ కిటుకు తెలుసు, అందుకే తప్పు జంటలను కూడా మొత్తం కలిసేలా కడతారు. అప్పుడు తేల్చేది లబ్ధమే, అది 8 − i కావాలి.

లబ్ధాన్ని పూర్తిగా వేయనక్కర లేదు. (a + ib)(c + id)లో కల్పిత భాగం ad + bc, వాస్తవ భాగం ac − bd. రెండింటిలో ఒకటి చూస్తే చాలా సార్లు సరిపోతుంది. ఏది చూడాలన్నదే ప్రశ్న. వాడు వాస్తవ భాగం ఎంచుకున్నాడు. రెండో ఆప్షన్‌కు 4 + 2 = 6, పోయింది. మూడోదానికి 6 + 2 = 8. నాలుగోదానికీ 6 + 2 = 8. మళ్లీ ఇద్దరు మిగిలారు. కల్పిత భాగం చూసి ఉంటే రెండోదానికి 4 − 2 = 2, మూడోదానికి 3 − 4 = −1, నాలుగోదానికి −6 + 2 = −4 వచ్చేవి. కావలసింది −1, కాబట్టి మూడో ఆప్షన్ ఒక్కటే నిలిచేది. నా అనుభవంలో కల్పిత భాగంతో మొదలుపెట్టడమే మేలు. వాస్తవ భాగంలో i² వల్ల గుర్తు తిరగబడే చోటు ఒకటి ఉంటుంది, కల్పిత భాగంలో ఆ బెడద లేదు. అదీ కాక ఆప్షన్లు అల్లేటప్పుడు ముందుగా సరిపెట్టేది వాస్తవ భాగాన్నే.

పది నిమిషాల పని అర నిమిషంలో ముగిసింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కొట్టివేత ద్వారా ఒక్క ఆప్షన్ మిగిలిందంటే, సరైన జవాబు ఆ నాలుగింటిలో ఉందన్న నమ్మకం మీద ఆధారపడుతున్నాం. ‘ఇవేవీ కావు’ అనే ఆప్షన్ ఉంటే ఆ నమ్మకం చెల్లదు. అప్పుడు మిగిలిన జంటకు మొత్తం, లబ్ధం రెండూ పూర్తిగా వేసి చూసుకోవాల్సిందే. అలా వేసి చూస్తే 3 − 2i, 2 + iలకు మొత్తం 5 − i, లబ్ధం 8 − i. ఇది ఇంక కొట్టివేత కాదు, రుజువు.

కొట్టేయడం ఎంత వేగమో, తప్పుగా కొట్టేయడమూ అంతే వేగం. ఇంకో బిట్ చూడండి. x² − 3x + 5 = 0 మూలాలు α, β అయితే α², β² మూలాలుగా గల సమీకరణం ఏది? ఆప్షన్లు x² − x + 25 = 0, x² + x + 25 = 0, x² − 9x + 25 = 0, x² + x + 5 = 0. కొత్త లబ్ధం (αβ)² = 25, కాబట్టి నాలుగోది పోయింది. కొత్త మొత్తం α² + β². దీన్ని (α + β)² − 2αβ అని రాసుకుంటే 9 − 10 = −1. గుర్తు మార్చి రాస్తే x² + x + 25 = 0, రెండో ఆప్షన్.

ఇక్కడ తెలివైన పిల్లలే బోల్తా పడతారు. రెండు వర్గాల మొత్తం −1 ఎలా అవుతుంది, ఎక్కడో గుర్తు తప్పాం అనుకుని, దాన్ని ‘సరిదిద్ది’ ఒకటో ఆప్షన్ పెట్టేస్తారు. వర్గాల మొత్తం రుణం కాకూడదన్నది వాస్తవ సంఖ్యల నియమం. ఈ సమీకరణం విచక్షణి 9 − 20 = −11, మూలాలు వాస్తవ సంఖ్యలు కావు. నిజానికి α² + β² రుణం వచ్చిందంటే మూలాలు సంకీర్ణాలని అదే చెప్పకనే చెబుతోంది. మహావీరాచార్యుడి మాట దాటి వచ్చినవాళ్లం, ఆ గడప అవతలి నియమాలను ఇవతల వాడకూడదు.

పిల్లలు భయపడే ఇంకో రకం బిట్లలో పెద్ద ఘాతాలు ఉంటాయి. x² − 2x + 4 = 0 మూలాలు α, β అయితే α⁹ + β⁹ ఎంత? ఆప్షన్లు 2¹⁰, −2¹⁰, 2⁹√3, 2¹². దీన్ని డిమూవర్ సిద్ధాంతంతో చేయమని పుస్తకం చెబుతుంది, చేయొచ్చు కూడా. కానీ ముందు మన రెండు ప్రశ్నలూ ఏం చెబుతాయో విందాం.

లబ్ధం 4. మూలాలు సంయుగ్మాలు కాబట్టి ఒక్కోదాని దూరం √4, అంటే 2. తొమ్మిదో ఘాతం దూరం 2⁹. అలాంటివి రెండు కలిస్తే ఎంత సాగినా 2¹⁰ దాటలేవు. కాబట్టి 2¹² అసాధ్యం. ఇక α² = 2α − 4 అని సమీకరణమే చెబుతోంది. రెండు వైపులా αతో గుణించుకుంటూ పోయి, βకి కూడా అలాగే చేసి కలిపితే, ఘాతాల ప్రతి మొత్తమూ దాని ముందున్న రెండు మొత్తాల నుంచి పుడుతుందని తెలుస్తుంది: ముందుదానికి రెట్టింపు, దానికి ముందుదానికి నాలుగు రెట్లు తీసివేత. మొదలు 2, 2 అనే పూర్ణ సంఖ్యలు (α⁰ + β⁰, α + β). పూర్ణ సంఖ్యలను పూర్ణ సంఖ్యలతో గుణించి తీసేస్తే పూర్ణ సంఖ్యలే వస్తాయి. √3 ఎక్కడి నుంచీ రాదు. మూడో ఆప్షనూ పోయింది. మిగిలింది గుర్తు ఒక్కటే.

గుర్తు దగ్గర మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది, కాస్త లెక్క వేయాల్సిందే. అదే మెట్ల వరుసలో 2, 2 తర్వాత −4, ఆ తర్వాత −16. అంటే α³ + β³ = −16. ఇంకాస్త చూస్తే, α³ + 8 అనేది (α + 2)(α² − 2α + 4)కి సమానం, రెండో కారణాంకం సున్నా. కాబట్టి α³ = −8, అలాగే β³ = −8. తొమ్మిదో ఘాతం (−8)³ = −512, రెండు కలిపితే −1024. జవాబు −2¹⁰.

గుర్తు తేల్చలేకపోయి ఉంటే ఏం చేయాలన్నది పరీక్షను బట్టి మారుతుంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటలు, అందులో గణితానివే 80. తప్పు జవాబుకు కోత లేదు కాబట్టి ఏదో ఒకటి పెట్టి ముందుకు పోవడమే. జేఈఈ మెయిన్ ఆప్షన్ల బిట్లలో సరైనదానికి నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. నాలుగింటిలో గుడ్డిగా పెడితే సగటున దక్కేది పావు మార్కు, రెండు కొట్టేసి పెడితే ఒకటిన్నర. అందుకే అక్కడ 2¹², 2⁹√3 కొట్టేసిన శ్రమ వృథా పోదు. అదే పేపర్లో సంఖ్యను నేరుగా టైప్ చేసే ప్రశ్నలకు మాత్రం కొట్టేయడానికి ఆప్షన్లే ఉండవు.

ఇదంతా అయ్యాక మా వాడు ఉత్సాహంగా ఇంకో బిట్ తనంతట తనే పట్టుకున్నాడు: ix² + 3x − 2i = 0. ఆప్షన్లు −1, −2, i, 2i, −i, −2i, i, −2i. x² ముందున్నది i కాబట్టి ముందు దాంతో భాగించాలని గుర్తుంచుకున్నాడు, అందుకు మెచ్చుకున్నాను కూడా. లబ్ధం −2i/i, అంటే −2. ఒకటో ఆప్షన్ లబ్ధం 2, నాలుగోదానిదీ 2, రెండూ పోయాయి. మొత్తం −3/i. చకచకా −3i అని రాసి మూడో ఆప్షన్ చుట్టూ గీత గీశాడు.

“1/i ఎంతరా?” అన్నాను.

“iనే కదా మామయ్యా.”

“అయితే నీ −iని సమీకరణంలో పెట్టి చూడు.”

పెట్టాడు. i(−1) − 3i − 2i, మొత్తం −6i వచ్చింది. సున్నా కాలేదు. కాసేపు పేపర్ వైపు చూసి, 1/iకి పైనా కిందా iతో గుణించాడు. −i వచ్చింది. గీసిన గీత కొట్టేసి, రెండో ఆప్షన్ దగ్గర x = i పెట్టి −i + 3i − 2i అని రాసుకున్నాడు.